కుడిపక్క కుర్చీ

పిన్నికి ఇంగ్లీషు పిచ్చి పట్టింది వానలు మొదలైన వారంలోనే. అంతకుముందు ఆవిడకి వచ్చిన ఇంగ్లీషంతా కుట్టుపనిలో ఉన్నదే: కాలరు, జిప్పు, హుక్కు, లైనింగు. వీధి చివరి లైబ్రరీలో పెద్దవాళ్ళకి సాయంత్రాలు ఊరికే ఇంగ్లీషు నేర్పుతున్నారని తెలియగానే గొడుగు పట్టుకుని బయల్దేరింది. యాభై దాటాక ఈ చదువేమిటని నేను నవ్వాను. "నువ్వు నేర్చుకుని ఏం ఉద్ధరించావు? పొద్దస్తమానం పోయిన సామాన్లకి సంతాపాలు రాస్తున్నావు" అంది.

ఆ మాట నిజమే. నాది పార్సిళ్ళు చేరవేసే కంపెనీలో ఉత్తరాల పని. ఎవరి పెట్టె పగిలినా, ఎవరి మూట తడిసినా, ఇంగ్లీషులో మెత్తగా క్షమాపణ రాసేది నేనే. వానాకాలమైతే ఊపిరాడదు. పల్లెలో పుట్టి, బురదలో నడిచి కాలేజీకెళ్ళి, ఆ చదువంతా చివరికి "చింతిస్తున్నాము" అనే ఒక్క ముక్క నూటపదహారు రకాలుగా రాయడానికి పనికొచ్చింది.

మాది మూడో అంతస్తులో మూడు గదుల వాటా. ఒక గదిలో నేను, ఒక గదిలో పిన్ని, ఆవిడ మిషను. మూడో గది తమ్ముడిది. వాడు పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టాక ఖాళీగా పడి ఉంది. దగ్గర్లోని ఆసుపత్రికి విదేశాల నుంచి నర్సులు వస్తున్నారనీ, వాళ్ళకి గది ఇచ్చేవాళ్ళు పేరు రాయించుకోవచ్చనీ విని, పిన్ని నన్నడక్కుండానే రాయించేసింది.

"ముక్కూ మొహం తెలీని మనిషిని ఇంట్లో పెట్టుకుంటావా?" అన్నాను.

"నువ్వు పొద్దున పోతే దీపాలు పెట్టాక వస్తావు. వచ్చి ఫోనులో దూరతావు. మిషనుతో ఎంతసేపని మాట్లాడను? అది నాకన్నా ఎక్కువ మాట్లాడుతుంది, నా మాట వినదు."

అక్కడ పద్ధతేమిటంటే, గది ఇచ్చేవాళ్ళు ముందుగా తమ పరిచయం రాసి ఆ నర్సు ఫోనుకి పంపాలి. ఆ అమ్మాయి వచ్చిన పరిచయాలన్నీ చదువుకుని, నచ్చిన ఇల్లు ఎంచుకుంటుంది. మా వీధిలోనే ఇంకో మూడిళ్ళవాళ్ళు పంపుతున్నారు. రెండిళ్ళలో ఇంగ్లీషు గడగడలాడించే పిల్లలున్నారు.

పిన్ని ఆ పరిచయం కోసం వారం రోజులు తలకిందులైంది. లైబ్రరీ టీచరమ్మ తరగతి మొత్తానికీ అదే పాఠం చెప్పిందట. ముందు పలకరింపు. తర్వాత పేరు, ఏమని పిలవాలో. తర్వాత పని, పనివేళలు. ఇంట్లో ఇంకెవరున్నారు. ఇష్టమైనవి ఒకటి రెండు. చేతనైనది ఒకటి, చేతకానిది ఒకటి. ఒక వాక్యంలో ఒక్క సంగతే ఉండాలి. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే దాన్ని రెండు చెయ్యాలి. రోజూ చేసే పనులు "ఐ వర్క్, ఐ కుక్, ఐ స్లీప్" అని తేలిగ్గా చెప్పెయ్యాలి. చివర్లో ఎదుటి మనిషిని ఏదో ఒకటి అడగాలి. "మన గురించి చెప్పుకుని ఊరుకుంటే అది డప్పు. ప్రశ్న అడిగితేనే జవాబొస్తుంది" అందట టీచరమ్మ. పిన్ని అడగదలుచుకున్న మొదటి ప్రశ్న "ఆర్ యూ మ్యారీడ్?" టీచరమ్మ దాన్ని కొట్టేసిందట. పెళ్ళి, వయసు, జీతం కొత్తవాళ్ళని అడగకూడదట.

"మరింకేం అడుగుతాం? అవి మూడూ తీసేస్తే మనిషిలో ఇంకేం మిగుల్తుంది?" అని పిన్ని బాధ.

ఆదివారం మధ్యాహ్నం బయట వాన దంచుతుంటే, ఫోను నా చేతిలో పెట్టి, నా ఎడమ పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. ఆవిడకి ఎడమ చెవి వినపడదు. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని ఎవరి పక్కనైనా కూచోవాలంటే, వాళ్ళు తన కుడివైపు వచ్చేలా చూసుకుని కూచుంటుంది. మాకు అది అలవాటైపోయి, అసలు గుర్తే ఉండదు.

"పంపేముందు ఒకసారి ఎవరికైనా చూపించమంది టీచరమ్మ. చూడు."

చూశాను.

"హలో. మై నేమ్ ఈజ్ వెరీ లాంగ్. ఎవ్రీబడీ కాల్స్ మీ పిన్ని. యూ ఆల్సో కాల్ మీ పిన్ని. ఐ యామ్ ఎ టైలర్. ఐ వర్క్ ఎట్ హోమ్. మై మెషీన్ ఈజ్ నాయిసీ. ఐ స్లీప్ ఆఫ్టర్ లంచ్. ఐ లివ్ విత్ మై సిస్టర్స్ డాటర్. షి ఈజ్ గుడ్. షి ఈజ్ లేట్ ఎవ్రీ డే. ఐ లైక్ టీ అండ్ రెయిన్. ఐ కెన్ కుక్. ఐ కెనాట్ హియర్ ఇన్ మై లెఫ్ట్ ఇయర్. ప్లీజ్ సిట్ ఆన్ మై రైట్ సైడ్. ఐ యామ్ లెర్నింగ్ ఇంగ్లీష్. ప్లీజ్ స్పీక్ స్లోలీ. డు యూ లైక్ టీ? వాట్ టైమ్ డు యూ స్లీప్? సీ యూ సూన్."

"ఎలా ఉంది?" పిన్ని నా మొహంలోకి చూస్తోంది, కొలతలు తీసుకున్నాక తొలిసారి బట్ట తొడిగి చూసేటప్పుడు చూసినట్టు.

"బాగుంది. కాస్త సరిచేసి పంపుతానుండు."

"సరిచెయ్యి గానీ సంగతులు మార్చకు" అంటూ టీ పెట్టడానికి లేచింది.

నాకు ఆ మూడిళ్ళవాళ్ళూ కళ్ళముందు మెదిలారు. మిషను రొద, చెవి, మాట రాకపోవడం... ఎవరైనా మొదటి పరిచయంలోనే లోపాల దండకం చదువుతారా? వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు మనవాళ్ళు. మనిషంటూ వచ్చి, కలిసి నాలుగు పూటలు తిన్నాక, చెవి సంగతి ఎంత? అదే తెలుస్తుంది. అలా అనుకుని, టీ మరిగేలోపు నేను ఆఫీసులో రాసే ఇంగ్లీషులో ఒక చక్కని పరిచయం దించేశాను. అందులో పిన్ని సొంతంగా వ్యాపారం నడిపే కళాకారిణి. సంగీతం వినడమన్నా, కొత్త మనుషులతో గంటలకొద్దీ మాట్లాడ్డమన్నా ప్రాణం. చెవి లేదు. మిషను లేదు. నెమ్మదిగా మాట్లాడమన్న మాటా లేదు. "యూ ఆల్సో కాల్ మీ పిన్ని" ఒక్కటీ ఎందుకో తీసెయ్యబుద్ధి కాలేదు.

పంపేశాను.

"చెవి సంగతి ఉందా?" అని వంటింట్లోంచి అడిగింది.

"ఆఁ, అన్నీ ఉన్నాయి."

పిన్ని వచ్చి ఫోను తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి చూసింది. "ఇదేమిటే, ఇంత పొడుగుంది! నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు" అని మురిసిపోయింది. "నేను రాసినవన్నీ ఇంత గొప్పగా ఉంటాయని నాకే తెలీదు."

మర్నాడే జవాబొచ్చింది. ఆ అమ్మాయి మా ఇల్లే ఎంచుకుంది.

నర్సమ్మ, అదే పిన్ని పెట్టిన పేరు, సన్నగా, చురుగ్గా, నవ్వితే కళ్ళు మూసుకుపోయేలా ఉండేది. ఇంగ్లీషు ఆమెకీ సొంత భాష కాదు. అయినా చిన్నప్పటి నుంచీ అందులోనే చదువుకుందేమో, జలపాతంలా మాట్లాడేది. వచ్చిన మొదటి సాయంత్రం పిన్ని బల్ల దగ్గర కూచుని తన కుడిపక్క కుర్చీ మీద మూడుసార్లు తట్టింది. నర్సమ్మ నవ్వి, తలుపుకి దగ్గరగా ఉందని ఎడమపక్క కుర్చీలో కూచుని, తన ప్రయాణం సంగతులన్నీ ఎత్తుకుంది. పిన్నికి సగం వినపడలేదు, విన్న సగం అర్థం కాలేదు. నవ్వుతూ టీ పోసింది. నర్సమ్మ ఏదో అడిగింది. పిన్ని లేచి వెళ్ళి మిషను మీద పడున్న జాకెట్టు తీసుకుంది. ఆమె ప్రశ్న గాల్లోనే ఆగిపోయింది.

"పిన్నీ, నిన్నే అడుగుతోంది!" అని నేను అరిచాను.

"ఆఁ? ఆఁ, ఎస్ ఎస్" అంది పిన్ని.

ఆమె అడిగింది, బాత్రూము ఎటని.

రెండో వారానికి పిన్ని మొహం ముడుచుకుంది. "చూశావా నీ నర్సమ్మని? ప్లీజ్ అని బతిమాలి రాశాను కదా కుడిపక్క కూచోమని. కుర్చీ చూపించినా అటే కూచుంటుంది. ఆసుపత్రిలో చెవిటాళ్ళనీ కుంటాళ్ళనీ చూసి చూసి విసుగేమో. నా చెవంటే లెక్కలేదు."

"అదేం లేదు పిన్నీ, కొత్త కదా, మర్చిపోయుంటుంది."

"మర్చిపోవడానికి అదేమన్నా ఫోను నంబరా? ఒక చెవి!"

అదే వారం మెట్ల దగ్గర నర్సమ్మ నన్ను ఆపింది. చేతిలో గొడుగు తిప్పుతూ, ఎలా అడగాలో తెలియనట్టు ఇంగ్లీషులో అడిగింది. "నేనేమైనా తప్పు చేశానా? మీ పిన్నిగారికి కబుర్లంటే ఇష్టమని రాశారు. అది చదివే ఈ ఇల్లు ఎంచుకున్నాను. కానీ నేను మాట్లాడితే మొహం తిప్పుకుంటారు. పాటలు పెట్టాను, పక్కగదిలోకి వెళ్ళిపోయారు. నేను రావడం ఆవిడకి ఇష్టం లేదా?"

ఒక్క మాట చాలు. "ఆమెకి ఎడమ చెవి వినపడదు" అంటే చాలు. ఆ ఒక్క మాటతో ఇటు పిన్ని అలకా, అటు ఈ పిల్ల దిగులూ రెండూ తీరిపోతాయి. కానీ ఆ మాట వెనకాలే "మరి రాయలేదే?" అనే మాట వస్తుంది. అది పిన్ని దాకా వెళ్తుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, రోజూ ఆఫీసులో చేసే పనే చేశాను. "మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాను. పిన్నికి ఈమధ్య పని ఒత్తిడి ఎక్కువగా ఉంది" అన్నాను.

నర్సమ్మ తల ఊపింది. ఆ రోజు నుంచి ఆమె బల్ల దగ్గర కూచోవడం మానేసింది.

నా అసలు భయం వేరే ఉంది. ఆ పరిచయం పిన్ని ఫోనులోనే ఉంది. ఆవిడ రోజూ సాయంత్రం తరగతికి వెళ్తోంది. ఒకరోజు "బిజినెస్ అంటే వ్యాపారమట కదా" అంటూ వచ్చింది. ఇంకోరోజు "ఎంజాయ్ అంటే మనం అనుకునే ఎంజాయే కాదట, ఇష్టపడ్డం కూడానట" అంది. ఆవిడకి ఒక్కో మాట వస్తుంటే నా గుండెలో ఒక్కో రాయి పడేది. దాన్ని చెరిపేద్దామని రెండుసార్లు ఆ ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఒకసారి పిన్ని చూసి, "ఛార్జింగు పెడుతున్నావా? నా తల్లే!" అంది. పెట్టాను.

వానలు బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం నర్సమ్మ జ్వరంతో డ్యూటీ మధ్యలోనే ఇంటికొచ్చిందట. తాళంచెవి పొద్దున తొందర్లో గదిలోనే మర్చిపోయింది. కరెంటు లేదు, గంట మోగదు. తలుపు కొట్టింది. పిలిచింది. ఫోను చేసింది. పిన్ని లోపలే ఉంది, అన్నం తిని పడుకుంది. కుడి చెవి దిండుకి ఆనించి పడుకుంటే ఇక ఆవిడకి ఉరుమైనా ఒకటే, గుసగుసైనా ఒకటే. ఫోను మిషను మీద గుడ్డల కింద ఉంది. నాకూ చేసింది. పనివేళల్లో మా ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

నేను వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూచుని ఉంది. తడిసిన బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది, బుద్ధిగా, రెండూ జతచేసి. గోడకి తల ఆనించి ఉంది. తలుపు సందులోంచి కాలితో తొక్కే మిషను చప్పుడు వస్తోంది. పిన్ని లేచి పని మొదలుపెట్టేసింది, ఆ రొదలో ఇక తలుపు కొట్టినా వినపడదు.

"లోపలే ఉన్నారు" అంది నర్సమ్మ. "నాకు వినపడుతోంది."

నేను తలుపు తీశాను. పిన్ని మమ్మల్ని చూసి, ఆ పిల్ల మొహం చూసి, మిషను వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసి, "అయ్యో, కాలిపోతోంది! ఎంతసేపయింది వచ్చి? మధ్యాహ్నం పడుకుంటానని రాశాను కదే, చెవి సంగతి రాశాను కదే, గట్టిగా తట్టమని చెప్పు, తన్నమని చెప్పు తలుపుని!" అని నా మీద కేకలేసింది. అన్నీ తెలుగులోనే. నర్సమ్మకి వినపడింది ఆ కేకలు మాత్రమే.

ఆమె మెల్లిగా పిన్ని చెయ్యి తప్పించుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

జ్వరం తగ్గిన రోజే ఆసుపత్రి హాస్టలుకి మారిపోతానని చెప్పింది. అక్కడ ఒక మంచం ఖాళీ అయిందట. నేను పెట్టె పట్టుకుని కింద దాకా వెళ్ళాను. మూడు అంతస్తులు. మెట్టు మెట్టుకీ, ఇప్పుడు చెప్దాం, ఇప్పుడు చెప్దాం అనుకున్నాను. కింద ఆటో ఎక్కుతూ ఆమే అంది. "మీ పిన్నిగారు నాకు జ్వరంలో గంజి కాచి ఇచ్చారు. పాంటుకి చిరుగు పడితే అడక్కుండానే కుట్టి మడత పెట్టారు. ఇష్టంలేని మనిషికి ఇవన్నీ చేస్తారా అని నాకు అర్థం కాలేదు. నా థాంక్స్ చెప్పండి."

"తప్పకుండా" అన్నాను. ఆటో వెళ్ళిపోయింది. మొదట నేను ఆడింది ఒక్క అబద్ధమే. అయినా ఆ ఒక్క అబద్ధానికి కాపలా కాస్తూ కాలమంతా గడిపాను.

పైకి వచ్చేసరికి పిన్ని బల్ల దగ్గర కూచుని ఉంది. ముందు ఫోను, పక్కన లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నిఘంటువు.

"నేను రాసిందాంట్లో ఏదో తప్పుండాలి" అంది, నన్ను చూడకుండానే. "లేకపోతే ఆ పిల్ల అంత మంచిదై ఉండి, చెవి మాట ఒక్కటి ఎందుకు పట్టించుకోదు? చదివి చూసుకుంటాను. ఇప్పుడు కొంచెం వస్తోందిగా."

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ వేలు తెర మీద, కుట్టు మీద నడిచినట్టు, మాట మాటా తడుముతూ నడిచింది. మధ్యలో నిఘంటువు తిప్పింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. లెఫ్ట్ కోసం వెతికిందనుకుంటాను. ఇయర్ కోసం వెతికింది.

"మ్యూజిక్ అంటే పాటలేగా?"

"ఊఁ."

"నాకు పాటలు వినడం ఇష్టమని రాశావు."

పిన్ని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను.

"పెళ్ళిచూపులప్పుడు మా నాన్న నన్ను గోడవారగా కూచోబెట్టాడు" అంది. "ఎడమపక్కన గోడ. వచ్చినవాళ్ళంతా కుడిపక్కన. ఒక్కళ్ళకీ అనుమానం రాలేదు. పెళ్ళైన మూడోనాడు ఆయన ఎడమపక్క నుంచి పిలిచాడు."

ఆ కాపురం ఏడాది కూడా నిలవలేదని మాకందరికీ తెలుసు. ఎందుకన్నది మాత్రం ఇంట్లో ఎవరూ అనరు.

"నన్ను చెప్పనిచ్చుంటే చెప్పేదాన్ని. నన్నెవరూ అడగలా. ఈసారైనా ముందు నేనే చెప్దామనుకున్నా. అందుకేనే ఆ ఇంగ్లీషు. ఆ టీచరమ్మ చేతకానిదొకటి రాయమంటే, తరగతిలో అందరూ ఈత రాదు, సైకిలు రాదు అని రాశారు. నేను ఇది రాశా. రాసి నాలుగుసార్లు చదువుకున్నా." ఫోను నావైపు జరిపింది. "నువ్వూ నన్ను గోడవారగానే కూచోబెట్టావు."

"పిన్నీ, నేను... ఆ మిగతా ఇళ్ళవాళ్ళు..."

"పోనీలే. నువ్వు నాకు మేలే చేద్దామనుకున్నావు. మా నాన్నా అంతే."

రోజుకి పాతిక క్షమాపణలు రాసే చేతులు, ఊరికే కుర్చీ వీపు పట్టుకుని ఉండిపోయాయి. ఎట్టకేలకు "తప్పయిపోయింది" అన్నాను. అప్పుడు చూసుకున్నాను, ఆవిడ ఎడమపక్కన నిలబడి ఉన్నానని. అటు తిరిగి వెళ్ళి, కుడిపక్కన నిలబడి మళ్ళీ అన్నాను.

"మొదటిసారే వినపడింది" అంది పిన్ని. "నీ గొంతు అంత చిన్నదేం కాదు."

తర్వాత నాలుగైదు రోజులు ఇంట్లో మిషనొక్కటే మాట్లాడింది. నేను తొందరగా ఇంటికి రావడం మొదలుపెట్టాను. వచ్చినందుకు ఆవిడ మెచ్చుకోలేదు, రానందుకు ఎప్పుడూ తిట్టనూ లేదు.

వానలు వెనకబడుతున్న ఒక శనివారం సాయంత్రం, పిన్ని ఫోను పట్టుకుని బల్ల దగ్గర చాలాసేపు కూచుంది. ఏం రాస్తోందో నేను అడగలేదు. పెదాలు మాత్రం కదులుతుంటే తెలిసిపోయింది. "హలో. మై నేమ్ ఈజ్ వెరీ లాంగ్..." వారం మొత్తం తలకిందులై రాసుకున్న ఆ మాటలే, ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ పెంచకుండా. ఆ పిల్ల వచ్చీ అయింది, వెళ్ళిపోయీ అయింది. ఇప్పుడు పరిచయం. "ఐ కెనాట్ హియర్" దగ్గర కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, ముందుకెళ్ళింది. చివరి ప్రశ్న దాకా వచ్చాక నావైపు ఫోను తిప్పుతుందేమోనని చూశాను. తిప్పలేదు. తనే వేలు పెట్టి నొక్కింది.

నొక్కి, ఫోను ఎడమపక్కన పెట్టి, ఏదో చొక్కాకి గుండీలు కుట్టుకుంటూ కూచుంది.

నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. కాసేపటికి ఫోను టింగుమంది. పిన్ని సూదిలో దారం ఎక్కిస్తోంది, తల ఎత్తలేదు. ఇంకోసారి టింగుమంది. చేతులు తుడుచుకుని, బల్ల చుట్టూ తిరిగి, ఆవిడ కుడిపక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"పిన్నీ, జవాబొచ్చినట్టుంది. చదవనా?"

"వద్దు" అంది, ఫోను అందుకుంటూ. "నేను చదువుకుంటా."

కళ్ళజోడు సర్దుకుంది. వేలు మళ్ళీ తెర మీద మాట మాటా నడిచింది. ఒకచోట ఆగిపోయింది. నిఘంటువు కోసం చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అక్కర్లేకపోయినట్టుంది. చీరకొంగుతో కళ్ళజోడు తుడుచుకుని మరోసారి చదివింది. నేను అడగలేదు.

చాలాసేపటికి ఫోను పక్కన పెట్టి, సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"రేపు మధ్యాహ్నం టీకి ఒక మనిషి వస్తోంది. తలుపు దగ్గరున్న ఆ కుర్చీ తీసి ఇటు వెయ్యి" అంది, తన కుడిపక్కన చోటు చూపించి.

వేశాను. దాన్ని రెండుసార్లు సర్దాను, వంకర లేకుండా.

"మరి నేనెక్కడ కూచోను?"

పిన్ని దారం పంటితో కొరికి, గుండీ లాగి చూసుకుంది, గట్టిగా ఉందో లేదో.

"నువ్వా? కొన్నాళ్ళు ఎడమపక్కన కూచో" అంది.